నీలం గది ఆకుపచ్చగా కనిపించినప్పుడు

పాత భవనంలో ఒక గది. గోడకు అమర్చిన చెక్క పలక మీద, ఒక మూలన, సర్జికల్ బ్లేడుతో మెల్లగా గీకుతున్నారనుకోండి. పైనున్న తెల్ల రంగు రేకులుగా లేస్తుంది. దాని కింద మీగడ రంగు, ఇంకాస్త కిందికి పోతే లేత గోధుమ, మళ్ళీ మీగడ. బ్లేడు చెక్కకు తగలబోయే ముందు ఆఖరుగా ఒక పొర బయటపడుతుంది. అది పాచి పట్టినట్టుగా, బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది.

అన్నిటికంటే అడుగున ఉంది కాబట్టి గదికి మొట్టమొదట వేసిన రంగు ఇదేనని ఎవరికైనా అనిపిస్తుంది. షేడ్ కార్డు తెచ్చి పక్కన పెట్టి, దగ్గరగా ఉన్న నంబరు చూసి డబ్బా కలిపించేస్తారు. గది అంతా ఆ మందమైన ఆకుపచ్చలో మునుగుతుంది. చూసేవాళ్లు కూడా "పాతకాలం రంగులు ఇలాగే కాస్త మసకగా ఉండేవి కదా" అనుకుంటారు. కానీ ఆ గది కట్టినవాళ్లు వేసింది ఆకుపచ్చ కాదు, నిండు నీలం. తేడా ఎక్కడొచ్చిందో, దాన్ని ఎలా పట్టుకుంటారో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు కాదు. అమెరికాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో 1930ల నుంచి పాత ఇళ్లను పునరుద్ధరించినప్పుడు రంగులను చాలావరకు ఇలా గీకి చూసి, కంటితో పోల్చే నిర్ణయించారు. అలా వచ్చిన మసక నీలాలు, బూడిద ఆకుపచ్చలు జనానికి ఎంతగా నచ్చాయంటే, పద్దెనిమిదో శతాబ్దపు ఇంటి రంగులంటే అవేనన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో మైక్రోస్కోపు కింద చూసిన కొద్దీ, అసలు రంగులు వాటికంటే ఎంతో గాఢంగా ఉండేవని తేలుతూ వచ్చింది.

గీకి చూడటంలో ఇబ్బంది ఏమిటంటే, మనకు కనబడేది రంగు పొర పైముఖం ఒక్కటే. ఆ ముఖం ఏళ్ల తరబడి ఎండా వెలుతురూ చూసింది, పొగా దుమ్మూ పట్టింది, తర్వాత పై పొరల కింద చీకట్లో వందేళ్లకు పైగా ఉండిపోయింది. ఒక్కో దశలోనూ దాని రంగు మారింది. అంటే అక్కడ కనిపించేది రంగు ముసలితనం, వేసిన రోజు ఉన్న రంగు కాదు. వేసిన రోజు రంగు తెలియాలంటే పొరను పైనుంచి కాకుండా పక్కనుంచి, కేకు ముక్క కోసి చూసినట్టు చూడాలి.

అందుకు కావలసింది చాలా చిన్న నమూనా. ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క చాలు. కాకపోతే అన్ని పొరలతో పాటు అడుగున కాస్త చెక్కో గచ్చో కూడా దానితో రావాలి. అడుగు రాకపోతే మొదటి పొర నిజంగా మొదటిదేనా, దాని కింద ఇంకోటి ఉండిపోయిందా అన్న అనుమానం తీరదు.

ఎక్కడ తీయాలన్నది అంతకంటే పెద్ద విషయం. తలుపు అంచు, పిడి చుట్టూ ఉన్న భాగం, చేతులు ఆనే చోట్లు పనికిరావు. అక్కడ రంగు అరిగిపోయి ఉంటుంది, లేదంటే మళ్ళీ వేసేటప్పుడు సాండ్‌పేపరుతో రుద్దేసి ఉంటారు. పలక చుట్టూ ఉండే నగిషీ పట్టీ లోపలి మూల, గూడు అడుగు, కిటికీ చట్రం చాటు భాగం లాంటివి వెతకాలి. పెయింటరు కుంచె అక్కడికి పోతుంది కానీ సాండ్‌పేపరు పోదు. అందుకే పొరలు మందంగా, వరుస చెడకుండా దొరుకుతాయి. నా మటుకు నేను, ఈ పనిలో సగం నేర్పు ఈ చోటు ఎంచుకోవడంలోనే ఉందంటాను. చెడ్డ నమూనా మీద ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా అది చెప్పే సమాధానం చెడ్డ నమూనా గురించే.

ఇప్పుడు మన గదిలోకి వద్దాం. ఇది ఊహించుకున్న గదే కానీ, ఇందులో కనబడే ప్రతి సంగతీ ఈ పనిలో మామూలుగా ఎదురయ్యేదే. 1760ల్లో కట్టారని పత్రాల్లో ఉంది. నాలుగు గోడలకూ చెక్క పలకలు, రెండు కిటికీలు, ఒక తలుపు, నిప్పుగూడు చుట్టూ చెక్కిన చట్రం. ఒక్కో భాగం నుంచి రెండు మూడు చొప్పున మొత్తం ఇరవై నమూనాలు తీశారు. ఒక్కోదాన్నీ పారదర్శకమైన రెసిన్‌లో చిన్న దిమ్మెలా పోతపోశారు. అది గట్టిపడ్డాక పొరల అంచు బయటికి వచ్చేలా అరగదీసి, మరీ సన్నని పాలిషింగ్ గుడ్డతో అద్దంలా నునుపు చేశారు. తర్వాత మైక్రోస్కోపు కింద రెండు వందల రెట్లు పెద్దది చేసి చూశారు.

పలకల నమూనాలో అట్టడుగున చెక్క నార. దాని మీద బూడిద తెలుపు ప్రైమరు. దాని మీదే మనం వెతుకుతున్న పొర ఉంది, మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే మనిషి తలవెంట్రుకకంటే సన్నం. గీకినప్పుడు ఆకుపచ్చగా కనిపించింది ఇదే. పక్కనుంచి చూస్తే మాత్రం ఆ ఆకుపచ్చ పైన ఓ 8 మైక్రాన్ల మేరే ఉంది. అక్కడి నుంచి కిందికి పోయిన కొద్దీ ఆకుపచ్చ విరిగి, ప్రైమరుకు ఆనుకునే చోట పొర తేటగా, నీలంగా ఉంది. ఒకే కోటులో పైన ఒక రంగు, కింద ఇంకో రంగు. పైది వెలుతురు చూసిన భాగం, కిందది చూడని భాగం.

పైభాగం ఆకుపచ్చ కావడానికి రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది నూనె. ఆ రోజుల్లో రంగుపొడిని అవిసె నూనెలో నూరేవాళ్లు. అవిసె నూనె వెలుతురులో ఉన్నంతకాలం తేటగానే ఉంటుంది, పై కోట్ల కింద చీకట్లో పడ్డాక పసుపెక్కుతుంది. రెండోది రంగుపొడి. ఈ పొరలో ఉన్నది ప్రష్యన్ బ్లూ అని తర్వాత తేలింది. దానికి రంగునిచ్చే శక్తి చాలా ఎక్కువ కాబట్టి కొద్దిగా వేసి, మిగతాదంతా సీసపు తెలుపు కలిపేవాళ్లు. అంత తెలుపులో అంత కొంచెంగా ఉన్న ప్రష్యన్ బ్లూ వెలుతురుకి పాలిపోతుంది. పాలిపోయిన నీలం మీద నూనె పసుపు కలిస్తే కంటికి కనిపించేది బూడిద ఆకుపచ్చే.

ఆకుపచ్చ పొర మీద సన్నటి నల్లటి గీత ఒకటి ఉంది. అది మురికి. చూడటానికి అల్పంగా ఉన్నా మొత్తం పరిశోధనలో దీనికి చాలా విలువ ఉంది. రెండు పొరల మధ్య మురికి గీత ఉందంటే, కింది పొర కొన్నేళ్లపాటు గదిలో అందరికీ కనబడుతూ ఉండి పొగ, దుమ్ము పట్టిందని అర్థం. అంటే అది పూర్తయిన రంగు. ప్రైమరుకూ నీలానికీ మధ్య అలాంటి గీత లేదు, రెండూ ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. కాబట్టి ఆ రెండూ ఒకే పనిలో భాగం. ఈ గీతలను చూడకుండా పొరలను మాత్రమే లెక్కపెట్టినవాళ్లు ప్రైమరుని "మొదటి రంగు" అని రాసేసిన రిపోర్టులు చాలానే ఉంటాయి.

తర్వాత అదే నమూనాను మామూలు వెలుతురు తీసేసి అతినీలలోహిత కాంతిలో చూశారు. ఒక్కో పదార్థం ఒక్కోలా మెరుస్తుంది. సీసపు తెలుపు ఉన్న పొరలు పాలలా మెత్తగా వెలుగుతాయి. జింకు తెలుపు ఉన్న పొర చుక్కలు చుక్కలుగా, కళ్లు చెదిరేలా మెరుస్తుంది. టైటానియం తెలుపు ఉన్నది చీకటిగా ఉండిపోతుంది. లక్కతో చేసిన వార్నిషు నారింజ రంగులో వెలుగుతుంది. మన నమూనాలో అడుగు నుంచి నాలుగు కోట్లు పాలలా వెలిగాయి, ఐదోది చుక్కలుగా మెరిసింది, అన్నిటికంటే పైది చీకటిగా ఉంది.

దీన్నుంచి తేదీలు దొరుకుతాయి. జింకు తెలుపు ఇళ్ల రంగుల్లోకి 1840లలో వచ్చింది. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. కాబట్టి ఐదో కోటు 1840లకు ముందుది కాదు, పైకోటు 1920 ప్రాంతానికి ముందుది కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రంగుపొడి "అంతకుముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. "సరిగ్గా అప్పుడే" అని చెప్పదు. జింకు తెలుపును ఆ తర్వాత ఎంతకాలం వాడినా వాడి ఉండొచ్చు. సాక్షి చెప్పని మాటను సాక్షి నోట పెట్టకూడదు.

నిప్పుగూడు చట్రం నమూనాలో ఇంకో కథ ఉంది. దాని మీద నీలం లేదు. నేరుగా చెక్క మీద మొదలయ్యేదే పలకల మీది మూడో కోటుతో సరిపోయే మీగడ రంగు. అక్కడి నుంచి పైకి వరుస అచ్చం పలకల వరుసలాగే ఉంది. దీనికి రెండు అర్థాలు సాధ్యం. గది మూడోసారి రంగు వేయించుకున్నప్పుడు చట్రాన్ని కొత్తగా అమర్చి ఉండాలి, లేదా పాత చట్రం మీది రంగును పూర్తిగా గీకేసి ఉండాలి. చెక్క నారల సందుల్లో పాత నీలం ముక్కలు ఏమైనా ఇరుక్కున్నాయా అని వెతికారు. గీకేసిన చెక్కలో ఎక్కడో ఒక చుక్కయినా మిగులుతుంది. ఒక్కటీ దొరకలేదు. అంటే చట్రం తర్వాత వచ్చిందే. అప్పుడు ఒక చిక్కు ప్రశ్న వస్తుంది: గదిని 1760ల నాటికి తిప్పాలంటే, అప్పటికి లేని చట్రానికి ఏ రంగు వేయాలి? దీనికి మైక్రోస్కోపు జవాబు చెప్పదు. గదిని ఏ కాలానికి తిప్పుతున్నారో ముందే తేల్చుకోవాలి.

ఇక ఆ నీలం ప్రష్యన్ బ్లూ అని ఎలా తెలిసింది? నీలాలు ఒక్కటి కాదు. లాజవర్ద రాయి నుంచి తీసే అల్ట్రామెరిన్ ఉంది, రాగి నుంచి వచ్చే నీలం ఉంది, నీలిమందు ఉంది. పొర నుంచి సూది మొనంత పొడి గీసి, గాజు పలక మీద పరిచి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు. ప్రష్యన్ బ్లూ రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే, విడి గింజలుగా కాకుండా తెలుపులో కరిగిన నీలి పొగలా కనిపిస్తాయి. రాగి నీలం అయితే గుండ్రటి స్ఫటికాల్లా కనిపించేది.

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పొడి మీద ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తారు. ప్రష్యన్ బ్లూ అయితే కళ్లముందే నీలం పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఎందుకంటే క్షారం దాన్ని విరగ్గొట్టి ఇనుపతుప్పులాంటి పదార్థంగా మార్చేస్తుంది. అల్ట్రామెరిన్ ఈ చుక్కకు చలించదు, అది ఆమ్లం వేస్తే రంగు పోగొట్టుకుంటుంది. రెండు చుక్కలతో రెండు నీలాలూ విడిపోతాయి.

పెద్ద యంత్రాలూ ఉన్నాయి కానీ వాటి హద్దులు తెలుసుకుని వాడాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి జోడించిన ఎక్స్-రే పరికరం పొరలో ఏ మూలకాలున్నాయో చెబుతుంది. ఈ పొరలో అది సీసం ఉందని పెద్దగా చూపించి, ఇనుము ఉందో లేదో తెలియనంత చిన్న గుర్తు ఇచ్చింది. ఇందులో వింతేమీ లేదు. ప్రష్యన్ బ్లూలో ఇనుము ఉన్నా, పొరలో ఆ రంగుపొడే అతి కొద్దిగా ఉంది. యంత్రం ఇనుము చూపించలేదని "ప్రష్యన్ బ్లూ లేదు" అనేస్తే తప్పు. అక్కడ పరారుణ కాంతి పరీక్ష ఆదుకుంటుంది. ప్రష్యన్ బ్లూలో ఉండే సయనైడ్ బంధం ఆ గ్రాఫులో 2,090 cm⁻¹ దగ్గర ఒక పదునైన శిఖరంలా లేస్తుంది. పాత రంగుల్లో మామూలుగా ఉండే నూనె, సీసపు తెలుపు, సుద్ద ఏవీ ఆ చోట శిఖరం ఇవ్వవు కాబట్టి, కొంచెం ఉన్నా దొరికిపోతుంది.

ప్రష్యన్ బ్లూ దొరకడం గది కాలానికి కూడా సరిపోయింది. దాన్ని 1704-1706 మధ్య బెర్లిన్‌లో కనుగొన్నారు, తయారీ విధానం 1724లో బయటికి వచ్చింది. 1760ల గదిలో అది ఉండటం సహజమే. ఒకవేళ ఆ మొదటి పొరలో 1820ల చివర్లో వచ్చిన కృత్రిమ అల్ట్రామెరిన్ దొరికి ఉంటే, ఆ పలకలు మొదట్నుంచీ ఉన్నవేనా అని మళ్ళీ అనుమానించాల్సి వచ్చేది. అప్పుడు కూడా తొందరపడకూడదు. పాత పొరల్లో పగుళ్లుంటాయి, పైనుంచి వేసిన కొత్త రంగు వాటిగుండా కిందికి కారుతుంది. ఒకే నమూనాలో, పగులు పక్కన దొరికిన రంగుపొడిని నమ్మకూడదు. కనీసం మూడు చోట్ల, పగుళ్లకు దూరంగా దొరికితేనే అది ఆ పొరది.

రంగుపొడి తెలిసింది. ఇక మిగిలింది ఆ నీలం ఎంత గాఢం అన్నది. ఆ మైక్రోస్కోపు ఫోటో చూసి కంప్యూటర్ తెర మీద రంగు ఎంచుకోవడం పెద్ద పొరపాటు. ఫోటోలో రంగు కెమెరాని బట్టి, బల్బుని బట్టి మారిపోతుంది. గోడ మీద ఆ పొరను బాగా ఉన్న ఒకచోట వేలిగోరంత మేర తెరిచి, పైనున్న పాలిపోయిన భాగాన్ని సన్నగా అరగదీసి, లోపలి భాగాన్ని రంగు కొలిచే పరికరంతో కొలవాలి. అది మూడు అంకెలిస్తుంది: ఎంత లేతో ముదురో, ఎరుపు-ఆకుపచ్చ వైపు ఎంత మొగ్గో, పసుపు-నీలం వైపు ఎంత మొగ్గో.

నూనె పసుపు విషయంలో ఇంకో మెట్టు ఉంది. తెరిచిన చోటును కొన్ని వారాలు పగటి వెలుతురులో ఉంచితే చీకట్లో పట్టిన పసుపు చాలావరకు విరిగిపోతుంది. సీసపు తెలుపు, ఓకర్ లాంటి రంగులకు ఇది బాగా పనిచేస్తుంది. కానీ మన పొరలో ఉన్నది ప్రష్యన్ బ్లూ. ఎక్కువ వెలుతురు పెడితే పసుపుతో పాటు నీలం కూడా పోతుంది. అందుకని కొద్దిరోజులే ఉంచి, రోజూ కొలుస్తూ, పసుపు అంకె తగ్గడం ఆగి నీలం పాలిపోవడం మొదలయ్యే ముందే ఆపాలి. దానితో పాటు ఇంకో దారి కూడా తొక్కాలి. పాత పద్ధతిలో ప్రష్యన్ బ్లూ, సీసపు తెలుపు, అవిసె నూనె నూరి చిన్న అట్టల మీద రకరకాల పాళ్లలో పూసి, కొలిచిన అంకెలతో పోల్చాలి. రెండు దారులూ ఒకేచోట కలిస్తే ఆ నీలాన్ని నమ్మొచ్చు.

ఆ అట్టలను నేను చేత్తో పట్టుకుని చూసిన మొదటిసారి కాస్త భయమేసింది. అంత గాఢమైన నీలం గది నిండా ఉంటుందంటే మనసు ఒప్పుకోలేదు. అలవాటైన మసక పాతదనం మీద ఇష్టం ఎంత బలంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఈ పనిలో తుది నిర్ణయాన్ని కొలత మీద వదలాలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

ఇలాంటి షాక్ తిన్నవాళ్లలో మాంటిసెలో చూడటానికి వచ్చేవాళ్లూ ఉన్నారు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థామస్ జెఫర్సన్ ఇల్లది. అక్కడి భోజనాల గది 1936 నుంచి లేత నీలంగానే ఉండేది. తర్వాత నమూనాలు పరీక్షిస్తే జెఫర్సన్ కాలంనాటి పొరలో క్రోమ్ ఎల్లో దొరికింది. క్రోమియం అనే మూలకాన్ని కనుగొన్నదే 1797లో, దాని పసుపు ఇళ్లకు వేసే రంగుగా అందుబాటులోకి వచ్చింది 1810లలో. అంటే జెఫర్సన్ అప్పటికి సరికొత్తదైన రంగును ఎంచుకున్నాడు. 2010లో ఆ గదికి గుడ్డు సొన లాంటి పసుపు మళ్ళీ వేశారు. క్రోమ్ ఎల్లో కూడా కాలం గడిచేకొద్దీ గోధుమ వైపు మళ్లే రంగే. గీకి చూసి కలిపి ఉంటే, అక్కడ కూడా ఎవరూ కోరుకోని ఆవపిండి రంగు వచ్చి ఉండేది.

ఈ పద్ధతికి అందనివి కూడా ఉన్నాయి. సుద్దనూ జంతువుల చర్మం నుంచి తీసిన జిగురునూ నీళ్లలో కలిపి పైకప్పులకు వేసే రంగు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. అందుకే కొత్తది వేసే ముందు పాతదాన్ని కడిగేయడం రివాజు. అలాంటి పైకప్పులో ఎన్ని నమూనాలు తీసినా ఒకటో రెండో కోట్లు దొరుకుతాయి. గోడ పలకల మీద తొమ్మిది కోట్లుండి పైకప్పు మీద రెండే ఉంటే, పైకప్పుకి రెండుసార్లే రంగు వేశారని అనుకోకూడదు. చెక్కలా కనిపించేలా గీతలు దిద్దిన తలుపుల్లో ఇంకో మోసం ఉంటుంది. అడుగున లేత గోధుమ కోటు, దాని మీద సన్నటి ముదురు గీతలు, ఆపైన వార్నిషు. గీకితే గీతలూ వార్నిషూ ఒక్క దెబ్బకు లేచిపోయి, అడుగు కోటు మిగిలి, తలుపు లేత గోధుమ రంగుదని రిపోర్టు తయారవుతుంది. నమూనాలో మాత్రం గోధుమ కోటుకీ గీతలకీ మధ్య మురికి ఉండదు, పైన వార్నిషు అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది. మూడూ కలిపి ఒకే పని అని అక్కడ తెలిసిపోతుంది.

మన గదికి చివరకు నీలం కలిపారు. సీసం వాడటానికి వీల్లేదు కాబట్టి టైటానియం తెలుపుతో. ఇందులోనూ ఒక తేడా ఉంది. రెండు రంగులు పగటి వెలుతురులో ఒకేలా ఉండి, రాత్రి బల్బు కింద వేరువేరుగా కనిపించవచ్చు, ఎందుకంటే వాటిలో ఉన్న పదార్థాలు వేరు. అందుకని పాత పద్ధతిలో నూరిన అట్టను, కొత్త డబ్బా రంగు అట్టను పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గరా, బల్బు కిందా రెండుచోట్లా చూసి ఒప్పుకున్నారు. గోడకు వేసేటప్పుడు రోలరు వాడలేదు, కుంచెతోనే వేశారు. పాత పొరను పక్కనుంచి వెలుతురు పెట్టి చూసినప్పుడు దాని మీద కుంచె వెంట్రుకల గీతలు స్పష్టంగా ఉన్నాయి మరి.

కిటికీ పక్కన, తెర చాటున, అరచేతి వెడల్పు పట్టీ ఒకటి మాత్రం రంగు వేయకుండా వదిలేశారు. అక్కడ తొమ్మిది కోట్లూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. రెసిన్‌లో పోసిన ఇరవై దిమ్మెలకు నంబర్లు వేసి, ఏది గదిలో ఎక్కడిదో గీసిన పటంతో సహా ఒక పెట్టెలో పెట్టారు. రేపు ఎవరైనా ఆ నీలాన్ని అనుమానిస్తే, పెట్టె తెరిచి మళ్ళీ చూసుకోవచ్చు.